డైమన్ 8 వేయాలా, కళావరు 2 వేయాలా? ఏడో రౌండ్‌లో ఇరుక్కున్నాను

గాజువాక_గిరి
లైఫ్ కట్టడం, జోకర్ వాడడం, ఎప్పుడు డ్రాప్ అవ్వాలి, ఇవన్నీ వచ్చు. అయినా ఆట మధ్యలో నేను వేసిన ముక్కతోనే పక్కవాడు షో కొడుతున్నాడు. మొన్నటి చేయి మొత్తం పెడుతున్నా, ఎక్కడ తప్పానో చెప్పండి.

ముగ్గురం, రెండు పేకలు, పేకకో ప్రింటెడ్ జోకర్. 101 పూల్, అప్పటికి నా స్కోరు 74. కట్ జోకర్ కళావరు జాకీ, అంటే జాకీలన్నీ జోకర్లు. ప్రతి రౌండూ నాతో మొదలు, నా తర్వాత "ఎ", అతని తర్వాత "బి".

ఏడో రౌండ్‌లో కట్టలోంచి ఎత్తాక నా చేతిలో 14:
ఆఠీన్ 3-4-5
ఇస్పేట్ 5-6-7-8
ఆఠీన్ రాజు, డైమన్ రాజు, ఒక జాకీ
కళావరు 9-10
విడిగా డైమన్ 8 (అప్పుడే వచ్చింది), కళావరు 2

కళావరు 8 గానీ, ఏదో ఒక జోకర్ గానీ, ఇస్పేట్ లేదా కళావరు రాజు గానీ వస్తే షో. రాజు వస్తే జాకీ 9-10 పక్కకి జరుగుతుంది. పారేయాల్సింది డైమన్ 8 లేదా కళావరు 2, రెంట్లో ఒకటి.

ఎ వరసగా వేసినవి: ఇస్పేట్ రాజు, ఆఠీన్ 2, డైమన్ 9, డైమన్ రాణి, ఆఠీన్ 8, కళావరు 5. మూడో రౌండ్‌లో నేను వేసిన డైమన్ 7 ఎత్తుకుని డైమన్ 9 వేశాడు. పైనుంచి ఎత్తింది అదొక్కటే.
బి వేసినవి: ఆఠీన్ 7, కళావరు రాణి, ఆఠీన్ 9, కళావరు 7, ఆఠీన్ ఆసు, ఇస్పేట్ 2.
నావి రాణులు, ఆసు, ఆ 7, కళావరు 6 వగైరా.

డైమన్ 7 ఎత్తినవాడికి డైమన్ 8 ఎలా ఇస్తాం అనుకున్నా. పైగా ఎ ముందే ఆఠీన్ 2 వేశాడు, ఇప్పుడు కళావరు 5 కూడా వేశాడు. చిన్న కళావర్లు అక్కర్లేదనుకుని కళావరు 2 వేశా. ఎత్తాడు, షో. నాకు 27.

స్టీల్‌సిటీ_శ్రీను
ఏ యాప్‌లో అన్నా ఇది? పూల్ ఎంట్రీ ఎంత?

ఎంవీపీ_సుజాత
యాప్ ఏంటి శ్రీనూ, "పక్కవాడు" అన్నారు కదా. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ ఆడడం మన రాష్ట్రంలో 2020 నుంచే నిషేధం. 2025లో కేంద్రం చట్టం తెచ్చాక దేశమంతా అంతే. ఇది చాప మీద ఆట.

గాజువాక_గిరి
చాప కూడా కాదు, మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలు. పందెం మురీ మిక్స్చర్.

భీమిలి_బాబ్జీ
గిరి ఆలోచన సగం వరకు కరెక్టే. ఎత్తిన ముక్కకి అటు రెండు ఇటు రెండు ఇవ్వకూడదు, ఎవరైనా చెప్పేది అదే. డైమన్ 8 ఆపడం తప్పు కాదు. అసలు తప్పు ముందే జరిగింది. మూడో రౌండ్‌లో డైమన్ 7 ఎందుకు వేశావు? మధ్య ముక్కలు చేతిలో ఉంచుకోవాలి, బొమ్మలు ముందు పారేయాలి. అదే రూలు.

కళావరు_కనకం
బాబ్జీ గారూ, బొమ్మలన్నీ ఒక లెక్కలోకి రావు కదా. రాజు రెండు రన్నుల్లోనే పడుతుంది, జాకీ-రాణి-రాజు, రాణి-రాజు-ఆసు. రాణికి మూడు దారులు, 7కి ఎన్నో దానికీ అన్నే. ఆసుకీ 2కీ రాజులాగే రెండేసి. పదేసి పాయింట్లని బొమ్మల్ని ముందు దించుకోవడం సరే. అవతలివాడికి పనికొస్తుందా రాదా అన్నది వేరే సంగతి.

ఈ చేతిలో జాకీ జోకర్ కాబట్టి రాణి ఇంకా చల్లబడింది. మామూలు జాకీని మధ్యలో పెట్టి రన్ కట్టేవాడు తక్కువ, జాకీ దొరికితే ఇంకోచోట అతికిస్తాడు. రాణికి మిగిలింది రాణి-రాజు-ఆసు ఒక్కటే. 10కి కూడా 8-9-10 ఒక్కటే మిగిలింది. కట్ జోకర్‌కి పక్కనున్న ముక్కలు ఎప్పుడూ ముందు వేసుకోవచ్చు.

భీమిలి_బాబ్జీ
అంత లెక్కేసుకుంటూ కూర్చుంటే తెల్లారుతుంది అమ్మా.

లెక్కల_మాస్టారు
గిరి గారి ప్రశ్న రన్నులు ఎన్ని అని కాదు, ఆ నిమిషంలో ఆ రెంట్లో ఏది వేయాలి అని. దాని వరకే చెప్తాను.

ముందు ఒక మాట. మీరు వేసిన ముక్క ఎత్తగలిగేది ఎ ఒక్కడే. బి వంతు వచ్చేసరికి దాని మీద ఎ ముక్క పడిపోయి ఉంటుంది. అందుకని మీ పారేతకి సంబంధించినంత వరకు బి చేయి ఏమిటని బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. బి వేసిన ముక్కలు మాత్రం కావాలి, ఎందుకంటే అవి ఎ దగ్గర లేవని తేలిపోయిన ముక్కలు. ముగ్గురినీ ఒకే శ్రద్ధతో గుర్తుపెట్టుకోబోయి ఎవరిదీ గుర్తులేకుండా పోతుంది చాలామందికి. ఎ ఎత్తినవి, ఎ వేసినవి వరసతో సహా, తర్వాత మీకు కావాల్సిన ముక్కల జంట ముక్కలు ఎన్ని బయటపడ్డాయి. ఇంతే చాలు.

ఇక డైమన్ 7. ఆలోచించి ఆడేవాడు పైముక్క ఎత్తాడంటే దాంతో ఏదో ఒకటి పూర్తయిందని అర్థం. పూర్తయినదానికి పక్క ముక్క ఇస్తే అది నాలుగోదవుతుంది, అంతే. మూడో ముక్క కోసం ఎదురుచూస్తున్న జంటకి ఇవ్వడం వేరు, పూర్తయిన మూడింటికి నాలుగోది ఇవ్వడం వేరు. బాబ్జీ గారు రెంటినీ కలిపేశారు.

ఆ 7తో ఏం పూర్తయింది? 7-8-9 కాదు, ఎత్తిన చేత్తోనే డైమన్ 9 వేశాడు. 6-7-8 అయ్యుంటే ఆ 9ని నాలుగోదిగా ఉంచుకునేవాడు, కాబట్టి అదీ కాదు. మిగిలినవి 5-6-7 రన్, లేదా 7ల సెట్. డైమన్ 5లు రెండు, 6లు రెండు, ఒక్కటీ బయటపడలేదు. రెండింట్లో ఏదైనా, రెండింట్లో ఏదైనా, అంటే నాలుగు రకాలుగా ఆ జంట కుదురుతుంది. సెట్ కావాలంటే ఇస్పేట్, ఆఠీన్, కళావరు 7ల్లో రెండు ఉండాలి. ఇస్పేట్ 7 ఒకటి మీ దగ్గరుంది, ఆఠీన్ 7, కళావరు 7 ఒక్కోటి బి వేసేశాడు. ఒక్కో రంగులో ఒక్కటే మిగిలింది, మూడు రకాలుగా కుదురుతుంది. రన్‌కి నాలుగు, సెట్‌కి మూడు. కాబట్టి డైమన్ 8 అతని రన్‌కి అతుకుతుందనేది కూడా గట్టిగా చెప్పలేం, సగానికి కాస్త ఎక్కువ.

గాజువాక_గిరి
ఇంత ఆలోచించలేదు మాస్టారూ. మరి కళావరు 2?

లెక్కల_మాస్టారు
అదీ అలాగే లెక్కేయండి. ఏ జంట పట్టుకున్నవాడికి కళావరు 2 మూడో ముక్క అవుతుంది?

3-4 ఉన్నవాడికి. కానీ ఎ అప్పుడే కళావరు 5 వేశాడు, 3-4 ఉంటే 5ని ఎందుకు వేస్తాడు. కొట్టేయండి. ఇక్కడి వరకు మీ తర్కం కరెక్టే, మీరు ఇక్కడే ఆగిపోయారు.

ఆసు-3 ఉన్నవాడికి. 5 వేయడం వల్ల దీని గురించి ఏమీ తెలియదు. కళావరు ఆసులు రెండు, 3లు రెండు, ఒక్కటీ కనపడలేదు. నాలుగు రకాలు.

2ల సెట్. ఆఠీన్ 2 తనే వేశాడు కాబట్టి అది వదిలేద్దాం. ఇస్పేట్ 2 ఒకటి బి వేశాడు, ఇంకోటి ఉంది. డైమన్ 2లు రెండూ కనపడలేదు. రెండు రకాలు.

మొత్తం ఆరు.

డైమన్ 8కి ఇదే లెక్క. 9-10తో కాదు, 9 వేసేశాడు. 8ల సెట్‌కి ఆఠీన్ తీసేస్తే, ఆ 8 తనే వేశాడు కాబట్టి, ఇస్పేట్ 8 మిగిలింది ఒకటి, కళావరు 8లు రెండు. రెండు రకాలు.

ఆరు ఒకవైపు, రెండు ఒకవైపు. నేనైతే డైమన్ 8 వేస్తాను.

పెందుర్తి_పద్దు
రకాలు అంటే సరే, దాన్నిబట్టి ప్రమాదం ఎంతో ఎలా తెలుస్తుంది? ఆరు రకాలంటే ఎక్కువా తక్కువా?

లెక్కల_మాస్టారు
పద్దు గారూ, కనపడని ముక్కలు ఎన్నో చూద్దాం. మొత్తం 106. గిరి చేతిలో 14, కట్ జోకర్ 1, మొదట తెరిచిన ముక్క 1, ఆరు రౌండ్లలో వేసినవి 18. డైమన్ 7 ఆ పద్దెనిమిదిలోనే ఉంది. 34 పోతే 72 కనపడనివి. వీటిలో ఎ చేతిలో 12, బి చేతిలో 13, కట్టలో 47.

ఫలానా రెండు ముక్కలు ఎ దగ్గరే ఉండే అవకాశం, ఊరికే పంచినట్టయితే, 72లో 12 ఇంటూ 71లో 11. నూటికి రెండున్నర. ఆరు రకాలకి దాదాపు 15, రెండు రకాలకి 5. నిజానికి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది, అతుకున్న జంటల్ని ఎవరూ పారేయరు కదా. కానీ ఆ పెరుగుదల రెండు వైపులా ఉంటుంది, కాబట్టి పోల్చి చూడడానికి ఇది పనికొస్తుంది.

ఆట మధ్యలో ఈ గుణకారాలు ఎవరూ చేయరు. రకాలు లెక్కపెట్టుకోవడం చాలు, దానికి పది సెకన్లు.

స్టీల్‌సిటీ_శ్రీను
పది సెకన్లా. మా వాళ్ళు అయిదో సెకనుకే "ఏటి బాబూ, ముక్క పెడతావా, సింహాచలం కొండెక్కి వచ్చి పెడతావా" అంటారు.

భీమిలి_బాబ్జీ
మాస్టారూ, మీ లెక్కలో పెద్ద చిల్లు ఒకటుంది. నాలుగోది "అంతే" అని తేల్చేశారు. 13 ముక్కలు ఎలా విడిపోతాయి? 4, 3, 3, 3. ప్రతి చేతికీ ఎక్కడో ఒకచోట నాలుగో ముక్క కావాల్సిందే. ఎ దగ్గర నాలుగు మూళ్ళు అయిపోయి, ఒక్కటి విడిగా మిగిలి ఉంటే, వాడు ఎదురుచూసేది నాలుగోదాని కోసమే. అప్పుడు డైమన్ 8 వేస్తే షోయే. ఏడో రౌండ్‌లో ఇది మామూలుగా జరిగేదే.

కళావరు_కనకం
ఈసారి బాబ్జీ గారితో నేనూ ఏకీభవిస్తాను. రెండో రౌండ్ తర్వాత రెండో ముక్క, ఏడో రౌండ్ తర్వాత నాలుగో ముక్క అని మా ఇంట్లో అంటారు. మొదట్లో అవతలివాడికి జంటలు కట్టకుండా చూడాలి, చివర్లో అతుకులు ఇవ్వకుండా చూడాలి.

లెక్కల_మాస్టారు
బాబ్జీ గారి మాట ఒప్పుకుంటున్నాను. లెక్కలోకి తెస్తే ఇలా ఉంటుంది. అతను నాలుగు మూళ్ళ స్థితిలో ఉన్నాడనుకుంటే డైమన్ 8తో షో అయ్యే అవకాశం ఏడింట నాలుగు, 7 రన్‌లో ఉంటేనే కదా. ఆ స్థితిలో ఉండే అవకాశం అయిదారింట ఒకటి కన్నా తక్కువనిపిస్తే డైమన్ 8 మంచిది. ఎక్కువనిపిస్తే కళావరు 2 మంచిది. ఆ గీత చాలా సన్నంగా ఉంది, గిరి గారిని తప్పుపట్టడానికి లేదు.

ఆ స్థితి ఎలా తెలుస్తుంది అంటే ఒక్కటే గుర్తు ఉంది. కట్టలోంచి ఎత్తిన ముక్కనే చేతిలో కలపకుండా తిరిగి వేస్తున్నాడా? గిరి గారూ, చివరి రౌండ్లలో ఎ ఎలా వేశాడో గుర్తుందా?

గాజువాక_గిరి
ఆఠీన్ 8, కళావరు 5 రెండూ ఎత్తినవి ఎత్తినట్టే వేశాడు. చేతిలో కలపలేదు. డైమన్ రాణి మాత్రం చేతిలోంచి తీశాడు.

భీమిలి_బాబ్జీ
చెప్పానా!

లెక్కల_మాస్టారు
అదే, ఈ సంగతి మొదటి పోస్టులో లేదు. రెండుసార్లు వరసగా ఎత్తిందే వేశాడంటే చేయి దాదాపు కట్టేసినట్టే. ఒక్క ముక్క దూరం అనుకోవాలి. అయితే ఆ ఒక్క ముక్క నాలుగోదా, లేక ఎక్కడో జంటకి మూడోదా అన్నది దీన్నిబట్టి తెలియదు. మీ చేయే చూడండి, ఒక్క ముక్క దూరంలో ఉంది, మీకు కావాల్సింది మూడోది.

వేసిన ముక్కలన్నిటికీ ఒకే విలువ ఇవ్వకూడదనేది కూడా ఇక్కడే కనపడుతుంది. మొదటి రౌండ్ ఇస్పేట్ రాజు ఏమీ చెప్పదు, ఎవరైనా వేస్తారు. ఆఠీన్ 2 రెండో రౌండ్‌లో వేశాడని "2లు అక్కర్లేదు" అనుకున్నారు మీరు, కానీ ఆ తర్వాత అతను రెండు ముక్కలు కొత్తగా చేర్చుకున్నాడు. కళావరు 5 మాత్రం ఇప్పుడే వేశాడు, దాని తర్వాత ఇంకేం ఎత్తలేదు, అందుకే 3-4 లేదని అంత గట్టిగా అనగలిగాం.

పెందుర్తి_పద్దు
ఎర వేసేవాళ్ళ సంగతేంటి? కళావరు 9 కోసం కావాలని ఇస్పేట్ 9 వేసేవాళ్ళున్నారు. అలాంటివాడు డైమన్ 9 వేస్తే దాన్ని నమ్మి 7-8-9 లేదనుకోవడం ఎలా?

కళావరు_కనకం
ఎర వేసేవాడు ఎరకి రంగు మారుస్తాడు పద్దూ. డైమన్ 9 వేసినవాడికి కావాల్సింది డైమన్ 9 కాదు, ఇంకో రంగు 9, లేదా దాని పక్కది. కాబట్టి "డైమన్ 7-8-9 లేదు" అన్నది ఎర అయినా నిలబడుతుంది. "9లు అక్కర్లేదు" అనుకుంటేనే దొరికిపోతారు. ఎర సామాన్యంగా మొదటి నాలుగైదు రౌండ్లలోనే. చివర్లో ముక్క త్యాగం చేసే తీరిక ఎవరికీ ఉండదు.

ఎంవీపీ_సుజాత
నాది కొంచెం వేరే అనుమానం. గిరికి కావాల్సినవి కళావరు 8లు రెండు, జాకీలు ఆరు, ప్రింటెడ్ జోకర్లు రెండు, కళావరు రాజులు రెండు, మిగిలిన ఇస్పేట్ రాజు ఒకటి. మొత్తం పదమూడు. 72లో పదమూడు అంటే అయిదారు ఎత్తుల్లో ఒకసారి వస్తుంది. అంత బాగున్నప్పుడు ఏ ముక్క వేస్తే ఏం, తనకే ముందు వచ్చేస్తుందని ధైర్యంగా ఉండొచ్చు కదా?

లెక్కల_మాస్టారు
సుజాత గారూ, పదమూడు అన్నది సరే, 72లో పదమూడు అని తీసుకోవడం దగ్గరే చిన్న మెలిక ఉంది. జోకర్‌ని ఎవరూ పారేయరు. ఎ, బి ఇద్దరూ మొదట్లో 26 తీసుకున్నారు, తర్వాత కట్టలోంచి 11 ఎత్తారు. ఆ 37లో వచ్చిన మామూలు ముక్కలు కొన్ని బయటపడ్డాయి, వచ్చిన జోకర్లు మాత్రం అన్నీ వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయాయి. అంటే కనపడని ఎనిమిది జోకర్లని కట్టలోని 47కీ వాళ్ళకి వెళ్ళిన 37కీ మధ్య పంచాలి. కట్టలో నాలుగున్నర. మీ లెక్కన అయిదు దాటాలి. కళావరు 8 ఒకటీ చిల్లర, రాజులు దాదాపు రెండు కలిపితే 47లో దాదాపు ఎనిమిది, ఆరు ఎత్తుల్లో ఒకసారి.

తేడా చిన్నదే. కానీ ఆట సాగినకొద్దీ పెరుగుతుంది. పదో రౌండ్ దాటాక "ఇంకా జోకర్లు ఒక్కటీ కనపడలేదు, కట్టలోనే ఉన్నాయి" అనుకుంటారు చూడండి, అది తిరగేసిన ఆలోచన. కనపడలేదంటే చేతుల్లో ఉన్నాయి.

స్టీల్‌సిటీ_శ్రీను
ఈ ఒక్క ముక్కతో నేను ఇన్నాళ్ళు ఎందుకు ఓడిపోతున్నానో అర్థమైంది.

భీమిలి_బాబ్జీ
నువ్వు ఓడిపోయేది ముక్కలు అందరికీ కనపడేలా పట్టుకోవడం వల్ల.

కళావరు_కనకం
కళావరు 9-10 విడగొట్టడం గురించి ఎవరూ అనలేదు. కళావరు 10 వేస్తే? బి కళావరు రాణి వేశాడు, జాకీ జోకర్, కళావరు 9 ఒకటి గిరి దగ్గరే ఉంది. 10 రన్‌కి వెళ్ళే దారి 8-9-10 ఒక్కటే, అందులోనూ 9 ఒక్కటే మిగిలింది.

లెక్కల_మాస్టారు
10ల సెట్ ఉంది కదా కనకం గారూ. ఇస్పేట్, ఆఠీన్, డైమన్ 10లు చాలావరకు బయటికి రాలేదు. పైగా అది విడగొడితే గిరి ఒక్క ముక్క దూరం నుంచి రెండు ముక్కల దూరానికి వెళ్ళిపోతాడు. చేయి ఇంత దగ్గరికొచ్చాక నేను విడగొట్టను. అయిదో రౌండ్ అయితే ఆలోచించేవాణ్ణి.

కళావరు_కనకం
ఎ అంత దగ్గర్లో ఉన్నాడని తెలిశాక ఆడేది గెలవడానికా, కౌంట్ తగ్గించుకోవడానికా అన్నది తేల్చుకోవాలి కదా. నేను ఒప్పుకోను గానీ, వదిలేద్దాం.

పెందుర్తి_పద్దు
గిరి గారూ, షో అయ్యాక ఎ చేయి చూసుంటారు కదా. ఏముంది?

గాజువాక_గిరి
ఫొటో తీశాం. డైమన్ 5-6-7. ఇస్పేట్ 8-9-10. ఆఠీన్, డైమన్, కళావరు 10లు. కళావరు ఆసు-3 మధ్య ప్రింటెడ్ జోకర్. విడిగా ఆఠీన్ 6. నా కళావరు 2 ఎత్తి మధ్యలో పెట్టుకుని, జోకర్‌ని 10ల పక్కకి జరిపి, ఆఠీన్ 6తో షో కొట్టాడు.

భీమిలి_బాబ్జీ
అంటే నాలుగు మూళ్ళు! నాలుగోదాని కోసమే కూర్చున్నాడు! డైమన్ 8 వేసినా షోయే! మాస్టారూ, మిక్స్చర్ పొట్లం నాకు.

లెక్కల_మాస్టారు
పొట్లం మీదే. అయితే గమనించండి, ఆసు-3 కూడా ఉంది, డైమన్ రన్ కూడా ఉంది. రెండు ముక్కలూ అతనికి పనికొచ్చేవే. మూడో ముక్క కోసం ఉన్న ఖాళీని జోకర్‌తో పూడ్చుకున్నవాడికి ఆ అసలు ముక్క దొరికితే జోకర్ ఖాళీ అయి నాలుగోదవుతుంది. ఈ దారి నేను లెక్కలో వేయలేదు. వేస్తే కళావరు 2 మీద ప్రమాదం ఇంకా పెరుగుతుంది, ఎంత అన్నది అతని దగ్గర జోకర్ ఉందా లేదా అన్నదాన్నిబట్టి.

స్టీల్‌సిటీ_శ్రీను
అంటే ఏది వేసినా పోయేదేనా? మరి ఇంత చర్చ ఎందుకు చేశాం?

గాజువాక_గిరి
నేనూ అదే అడగబోతున్నా. రెండూ ఒకటే అయితే నా తప్పేం లేనట్టేగా.

ఎంవీపీ_సుజాత
ఒకటే కాదు గిరీ. నీ స్కోరు 74 అన్నావు. కళావరు 2 వేసి డైమన్ 8 చేతిలో ఉంచుకున్నావు, 9, 10, 8 కలిపి 27. 101 నిండిపోయింది, పూల్ నుంచి అవుట్. డైమన్ 8 వేసి 2 ఉంచుకుని ఉంటే 21, స్కోరు 95. ఎ షో కొట్టినా నువ్వు తర్వాతి పంపకానికి కూర్చునేవాడివి.

గాజువాక_గిరి
అయ్య బాబోయ్. అది చూసుకోనేలేదు.

భీమిలి_బాబ్జీ
95 మీద కూర్చుని ఏం పీకుతాడు, మొదటి డ్రాప్‌కే 20. ప్రతి చేయీ ఆడి తీరాల్సిందే.

లెక్కల_మాస్టారు
అదీ నిజమే బాబ్జీ గారూ. కానీ పూల్‌లో ఉంటేనే ఆడగలిగేది. సుజాత గారు చూసింది మా ఇద్దరికీ తట్టలేదు. 74 దగ్గర ఉన్నవాడికి చేతిలో మిగిలే కౌంట్ 26 దాటకూడదు, ముక్క ఎంచుకోవడం అక్కడే మొదలవ్వాలి. కళావరు 9-10 ఉంచుకుంటే 19 ఎలాగూ ఉంది, విడి ముక్క 7 లోపుదే అయ్యుండాలి.

కళావరు_కనకం
అలాగైతే నేను చెప్పిన కళావరు 10 మళ్ళీ చూడండి. అది వేస్తే మిగిలేది 9, 8, 2. పందొమ్మిదే, 93.

లెక్కల_మాస్టారు
ఎ దగ్గర మూడు 10లు ఉన్నాయి, అందులో కళావరు 10 ఒకటి. మీది ఎత్తినా సెట్‌లో ఒకే ముక్క రెండోసారి పనికిరాదు, ఆ చేతికి అది చచ్చిన ముక్క. ఫొటో చూశాక చెప్తున్నా గానీ, మనం అనుకున్న మూడింట్లో షో కాని పారేత అదొక్కటే కనకం గారూ.

కళావరు_కనకం
మిక్స్చర్ పొట్లం ఇటు పంపండి బాబ్జీ గారూ.